హోల్‌సేల్ స్టేషనరీ బిల్లుల నుంచి కస్టమర్ పర్సోనా: మా కొట్టులో చేసిన తీరు

ప్రశ్న: బేగంబజార్‌లో మా నాన్నది స్టేషనరీ హోల్‌సేల్. ట్యాలీలో మూడేళ్ల సేల్స్ బిల్లులున్నాయి. యాడ్స్ చేసేవాళ్లు ముందు కస్టమర్ పర్సోనా తయారు చేసుకోండి అంటున్నారు. ఈ బిల్లులతోనే అది చేయొచ్చా? ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు:

చేయొచ్చు, కానీ సగం వరకే. పర్సోనా అంటే ఒకేలా కొనే గిరాకీలందరినీ ఒక్క మనిషిగా అనుకుని రాసుకునే చిన్న కార్డు. ఎవరు, ఏ సరుకు, ఎన్ని రోజులకోసారి కొంటున్నారో బిల్లు చెబుతుంది. ఎందుకలా కొంటున్నారో చెప్పదు. ఆ ముక్క నాకు అశోక్‌నగర్‌లో ఒక జిరాక్స్ సెంటర్ ముందు నిలబడ్డాక గానీ అర్థం కాలేదు. దాని సంగతి కిందికి వచ్చాక చెబుతాను.

మాదీ మీ బజారే. మా మేనమామ కొట్టు. నేను లెక్కలు చూడడానికి కూర్చున్నప్పుడు మొదట చేసిన పని, Sales Register ని ఏడాది మొత్తానికి ఎక్సెల్‌లోకి తీయడం. బిల్లు మొత్తం ఒక్కటే వస్తే ఎందుకూ పనికిరాదు. పార్టీ పేరు, తేదీ, జీఎస్టీ నంబరు, ఐటమ్, ఎన్ని, ఎంత అని ప్రతి ఐటమ్‌కీ ఒక వరుస రావాలి. అలా తీసి ఎక్కువ కొన్నవాళ్లను పైనుంచి పేర్చితే అందరికన్నా పెద్ద గిరాకీ ఎవరో తేలింది: ఆయన పేరు Cash. గల్లా దగ్గర రద్దీలో మా గుమాస్తా పార్టీ పేరు వెతికే ఓపిక లేక అన్నీ దాంట్లోనే కొట్టేవాడు. మీ ట్యాలీలో కూడా ఉంటాడు చూడండి. ఆయనకు పర్సోనా రాయలేం. పాత Cash బిల్లుల్లో నరేషన్‌లో ఫోన్ నంబరో, ఏరియా పేరో ఉన్నవాటిని మాత్రం ఆయా పార్టీలకు మార్చుకున్నాం. మిగతావాటిని పక్కన పెట్టేశాం. అవి ఎవరివో ఊహించడం మొదలుపెడితే ఆ తర్వాత వచ్చే లెక్కంతా ఊహే అవుతుంది.

రెండో చిక్కు, ఒకే షాపు మూడు పేర్లతో ఉండటం. "శ్రీ సాయి", "సాయి బుక్ స్టాల్", "సాయి అశోక్‌నగర్" ముగ్గురూ ఒక్కరే. ఇక్కడ జీఎస్టీ నంబరు కాపాడుతుంది. అందులో మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి, తెలంగాణకు 36. ఆ తర్వాతి పది పాన్ నంబరు. పాన్ ఒకటే అయితే యజమాని ఒకరే. ఇంకో లాభం కూడా ఉంది. పాన్‌లో నాలుగో అక్షరం, అంటే జీఎస్టీ నంబరులో ఆరోది, ఆ నంబరు ఎవరిదో చెబుతుంది: P అయితే ఒక మనిషి, F అయితే భాగస్వామ్య సంస్థ, C అయితే కంపెనీ, T అయితే ట్రస్టు. నంబరు C2 గడిలో ఉంటే ఇలా తీయొచ్చు:

```
=MID(C2,6,1)
```

నంబరు లేని చిన్న షాపులు చాలా ఉంటాయి, చాలా స్కూళ్లకూ ఉండదు. వాళ్లను ఫోన్ నంబరుతో కలపాలి. మాకు ఈ శుభ్రం చేసే పనికే పన్నెండు రోజులు పట్టింది. అసలు విశ్లేషణ రెండు రోజుల్లో అయిపోయింది.

ఇక సగటు జోలికి పోవద్దు. మీ యాడ్స్ వాళ్లు మొదట అడిగేది అదే, "యావరేజ్ బిల్ ఎంత సర్" అని. ఒక లెక్క చూడండి. జిరాక్స్ సెంటర్ ఆయన 4,500 రూపాయల చొప్పున ఆరుసార్లు కొన్నాడు, మొత్తం 27,000. బుక్ స్టాల్ ఆయన స్కూళ్లు తెరిచే ముందు ఒక్కసారే 36,000 కు నోట్‌బుక్స్ ఎత్తుకెళ్లాడు. ఏడు బిల్లులు, 63,000, సగటు 9,000. తొమ్మిది వేలకు కొనే మనిషి మన కొట్టుకు ఎప్పుడూ రాలేదు. ఆ లేని మనిషికి ఆఫర్ పెడితే ఒకరికి అది ఎక్కువ, ఇంకొకరికి తక్కువ.

అందుకే మేం రెండే చూశాం: ఒక బిల్లుకూ తర్వాతి బిల్లుకూ మధ్య ఎన్ని రోజులు, బుట్టలో ఏమేం కలిసి పోతున్నాయి. పార్టీ పేరు A లో, తేదీ B లో పెట్టి, ఒకే రోజు బిల్లులను ఒకటిగా కలిపి, పార్టీ వారీగా, తేదీ వారీగా పేర్చాక:

```
=IF(A3=A2,B3-B2,"")
```

ఇలా వచ్చిన రోజులకు పార్టీ వారీగా సగటు కాకుండా MEDIAN, అంటే చిన్నదాని నుంచి పెద్దదాకా పేర్చితే మధ్యలో వచ్చే సంఖ్య, తీసుకోండి. దసరాకు ఊరెళ్లి నెల రోజులు రాని ఒక్క విరామం సగటును చెడగొడుతుంది, మీడియన్‌ను పెద్దగా కదపదు.

ఏప్రిల్, మే, జూన్ నెలలను మాత్రం విడిగా తీసి చూడండి. మన దగ్గర బళ్లు జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు కాబట్టి ఆ ముందు వారాల్లో నోట్‌బుక్స్, బ్రౌన్ షీట్లు, లేబుళ్లు ప్రతి షాపు బుట్టలోకీ దూరతాయి. ఏడాది మొత్తం కలిపి చూస్తే అందరూ స్కూలు పక్క షాపుల్లాగే కనపడతారు. ఆ మూడు నెలలు తీసేశాకే వాళ్ల అసలు వ్యాపారం తేలుతుంది.

మాకు మూడు గుంపులు కనపడ్డాయి. స్కూలు గేటు దగ్గరి షాపులు: చార్టులు, స్కెచ్ పెన్నులు, ఎగ్జామ్ ప్యాడ్లు, పది పదిహేను రోజులకోసారి. ఆఫీసులకు సప్లై చేసేవాళ్లు: ఫైళ్లు, స్టాప్లర్ పిన్నులు, రిజిస్టర్లు, నెల మొదట్లో. జిరాక్స్ సెంటర్లు: ఏ4 రిమ్ములు, స్పైరల్ కాయిళ్లు, లామినేషన్ పౌచ్‌లు, మూడు నాలుగు రోజులకోసారి. వీటిలో ఇమడనివాళ్లు కొందరు మిగిలారు, వాళ్లకు పేరు పెట్టలేదు. అందరినీ ఎక్కడో ఒకచోట ఇరికించాలని చూస్తే ఉన్న గుంపులూ చెడతాయి.

జిరాక్స్ గుంపులో 31 షాపులు, ఎక్కువ అశోక్‌నగర్, చిక్కడపల్లి, దిల్‌సుఖ్‌నగర్, అమీర్‌పేట వైపువే. కోచింగ్ సెంటర్లున్న ఏరియాలు కదా. వాళ్ల బిల్లు చూస్తే ఒకేలా ఉంది: ఐదారు రిమ్ములు, మళ్లీ మూడు రోజులకు ఐదారు రిమ్ములు. నేను కార్డు రాసేశాను: "చేతిలో పైసలు తక్కువ, అందుకే కొద్దికొద్దిగా కొంటాడు. పదిహేను రోజులు ఉద్దెర ఇస్తే యాభై రిమ్ములు ఒకేసారి తీసుకుంటాడు." మామకు నచ్చింది. రేటు కూడా కొంచెం తగ్గించి స్కీమ్ పెట్టాం. నెల రోజుల్లో ఇద్దరే తీసుకున్నారు.

అప్పుడు వెళ్లాను అశోక్‌నగర్. మడిగె ఎనిమిది అడుగుల వెడల్పు ఉంటుందేమో. మూడు మెషిన్లు, కౌంటర్, బయట వరుసలో నిలబడ్డ పిల్లలు. రిమ్ములు పెట్టే చోటు కౌంటర్ కింద ఒక చెక్క అర, అంతే. ఆరు పట్టాయి. ఏడోది కుర్చీ మీద ఉంది, దాని మీద ఆయన టిఫిన్ డబ్బా.

"ఉద్దెర ఎందుకు వద్దన్నారన్నా?" అని అడిగా.

"పైసలది కాదు తమ్మీ, జాగ లేదు. యాభై తెచ్చి ఏడ పెట్టాలె? బయట పెడితే వానకు తేమ పట్టి మెషిన్ల జామ్ అయితది. ఒక్క జామ్‌కు పదిమంది పక్క షాపుకు పోతరు."

బిల్లు చూసి నేను పేదరికం అనుకున్నది చదరపు అడుగుల లెక్క. మరో నాలుగు షాపులకు వెళ్లాను, మూడింట్లో ఇదే మాట. కార్డు మార్చాం. ఇప్పుడున్నది ఇదీ:

"కోచింగ్ గల్లీ జిరాక్స్ అన్న. నిల్వ జాగ ఆరు నుంచి ఎనిమిది రిమ్ములు. మూడు నాలుగు రోజులకోసారి కొంటాడు, పొద్దున పదకొండు లోపే సరుకు చేరాలి, ఆ తర్వాత గిరాకీ మొదలు. భయం: తేమ, జామ్. ఉద్యోగ నోటిఫికేషన్ పడితే వారంలో రెట్టింపు అడుగుతాడు. ఆధారం: జనవరి నుంచి సెప్టెంబరు బిల్లులు, ఐదు షాపుల్లో మాటలు. పెన్నుల గురించి తెలియదు."

ఈ చివరి వాక్యం కావాలనే రాశాం. వాళ్ల బుట్టలో పెన్నులు దాదాపు లేవు. దాన్ని బట్టి వాళ్లు పెన్నులు అమ్మరని రాయబోయాను. షాపులో చూస్తే గాజు సీసా నిండా పెన్నులే. కంపెనీ డిస్ట్రిబ్యూటర్ మనిషి నేరుగా వచ్చి వేసి పోతాడట. మన బిల్లులో కనపడేది ఆ షాపు కొనుగోళ్లలో మన వాటా మాత్రమే.

కార్డు బట్టి స్కీమ్ మారింది. యాభై రిమ్ములకు రేటు ఒకేసారి ఖాయం చేస్తాం, సరుకు మా గోడౌన్లోనే ఉంటుంది, ఆరేసి చొప్పున పొద్దున ఆటోలో పంపుతాం. ఈసారి 31లో 14 మంది ఒప్పుకున్నారు. ఆటో ఖర్చు మాకు పడింది. ఒక్కో షాపుకు విడిగా పంపితే నష్టం, ఒకే గల్లీలో నాలుగైదు ఉంటేనే గిట్టింది. అందుకే దిల్‌సుఖ్‌నగర్ వైపు దూరంగా ఉన్న రెండు షాపులకు ఇవ్వలేకపోయాం.

గుంపులు సరిగ్గా కుదిరాయో లేదో చూడటానికి అక్టోబరు నుంచి డిసెంబరు బిల్లులను ముందే దాచిపెట్టుకున్నాం. తొమ్మిది నెలలతో చేసిన గుంపు ఆ మూడు నెలల్లో కూడా అలాగే కొన్నదా అని చూస్తే 31లో 26 షాపులు నిలబడ్డాయి. తప్పిన ఐదింట్లో మూడు ఇంజినీరింగ్ కాలేజీల దగ్గరివి. అక్కడ రికార్డు పుస్తకాల సీజన్లో బుట్ట మొత్తం మారిపోతుంది. సగం మంది తప్పి ఉంటే కార్డు చించేసేవాళ్లం. మీరు కూడా ఈ మూడు నెలలు ముందే పక్కన పెట్టండి, తర్వాత పెడదామంటే అప్పటికే చూసేసి ఉంటారు.

ఫైలు యాడ్స్ వాళ్లకు ఇచ్చే ముందు ఫోన్ నంబర్లు, జీఎస్టీ నంబర్లు తీసేయండి. వాళ్లకు కార్డు చాలు. మీ పార్టీల జాబితా బజార్లో పక్క కొట్టుకు చేరిందంటే మళ్లీ వెనక్కి రాదు.

ఇంకొక్కటి. బిల్లులో అమ్మిన సరుకే ఉంటుంది, "లేదన్నా" అని తిప్పి పంపినది ఉండదు. గల్లా పక్కన ఒక చిన్న నోట్‌బుక్ పెట్టి, లేదని చెప్పిన ప్రతిసారీ ఎవరు ఏం అడిగారో ఒక లైను రాయమని గుమాస్తాకు చెప్పాను. మొదటి వారం గొణిగాడు. నెలాఖరుకు చూస్తే జిరాక్స్ వాళ్లే పదకొండుసార్లు అడిగిన సరుకు ఒకటుంది, ప్రాక్టీసు కోసం ఓఎంఆర్ షీట్ల ప్యాడ్లు. మేం అప్పటిదాకా ఒక్క ప్యాడ్ కూడా తెప్పించలేదు.