నాన్నకంటే వేగంగా: ఏ నాన్నకంటే?

తమ్ముడూ,

నీ ఇంగ్లీష్ కథ రెండుసార్లు చదివాను. కూతురు పందెంలో పరిగెత్తుతుంటే తండ్రి గ్రౌండ్ గట్టు మీద కూర్చుని చూసే సీన్ బాగా వచ్చింది, కానీ అక్కడే ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "షీ రన్స్ ఫాస్టర్ దేన్ హర్ ఫాదర్" అని రాశావు. గ్రామర్ తప్పు లేదు. కాకపోతే నీ కథలో ఆ తండ్రికి 58 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కడమే కష్టం. అలాంటి మనిషికంటే 16 ఏళ్ల పిల్ల వేగంగా పరిగెత్తితే అందులో విశేషమేముంది? నువ్వు చెప్పాలనుకున్నది కాలేజీ రోజుల్లో పందేలు గెలిచిన ఆ కుర్రాడి గురించి కదా. ఆ కుర్రాణ్ణి వాక్యంలోకి తేవడానికి చివర ఒక్క మాట చాలు: "షీ రన్స్ ఫాస్టర్ దేన్ హర్ ఫాదర్ డిడ్."

ముందు రన్స్ అని ఇప్పటి సంగతి, వెనక డిడ్ అని అప్పటి సంగతి, రెండూ ఒకే వాక్యంలో ఎలా కుదురుతాయని టెన్షన్ పడకు. దేన్ తర్వాత వచ్చేది కూడా ఒక చిన్న వాక్యమే, దాని కాలం దానిది. కూతురు ఇప్పుడు పరిగెత్తుతోంది, తండ్రి అప్పుడు పరిగెత్తాడు, అంతే.

మనవాళ్లు ఇక్కడ తడబడడానికి కారణం మన 'కంటే'. "నాన్నకంటే వేగంగా" అన్నామంటే నాన్న ఎప్పుడు పరిగెత్తాడో చెప్పక్కర్లేకుండా పనైపోతుంది. కానీ తెలుగులోనూ కావాలనుకుంటే క్రియ బయటికి వస్తుంది. "నాన్న పరిగెత్తినదానికంటే" అంటే డిడ్. "నాన్న పరిగెత్తేదానికంటే" అంటే చాలాసార్లు డజ్. చాలాసార్లు అని ఎందుకన్నానంటే, "అప్పట్లో నాన్న పరిగెత్తేదానికంటే" అని కూడా అంటాం, అది పాత అలవాటు కాబట్టి మళ్లీ డిడ్ లోకే వెళ్తుంది. అందుకే నేను మనసులో 'అప్పట్లో' అన్న మాట పెట్టి చూస్తాను. అతికితే డిడ్, 'ఇప్పుడు' అతికితే డజ్.

అయితే నీ కథ ఎక్కువ భాగం భూతకాలంలో నడుస్తోంది కదా, అక్కడ ఇంకో చిక్కు ఉంది. "షీ రాన్ ఫాస్టర్ దేన్ హర్ ఫాదర్ డిడ్" అంటే తండ్రీ కూతురూ అదే రోజు అదే ట్రాక్ మీద పరిగెత్తారని పాఠకుడు అనుకోవచ్చు. కాబట్టి తండ్రిని ఇంకో మెట్టు వెనక్కి పంపు: "దేన్ హర్ ఫాదర్ హ్యాడ్ ఎట్ హర్ ఏజ్." 'ఎట్ హర్ ఏజ్' అన్న మాట ఉంటే డిడ్ అన్నా అర్థం చెడదు, కానీ ఆ మాట లేనప్పుడు హ్యాడ్ ఒక్కటే ఆ దాదాపు నలభై ఏళ్ల దూరాన్ని మోస్తుంది.

డిడ్, డజ్ అన్నిచోట్లా పనికిరావు. మొదటి భాగంలో మామూలు క్రియ ఉంటేనే అవి. అక్కడ ఈజ్ ఉంటే ఇక్కడా ఆ కుటుంబంలోదే రావాలి, కెన్ ఉంటే కెన్ లేదా కుడ్. నువ్వు రెండో పేజీలో "షీ ఈజ్ టాలర్ దేన్ హర్ మదర్ డజ్" అన్నావు, అది ఈజ్ కావాలి. యాజ్ విషయంలోనూ ఇంతే. "షీ ఈజ్ యాజ్ స్టబర్న్ యాజ్ హీ వాజ్" అంటే తండ్రి మొండితనం ఇప్పుడు లేదన్న సూచన ఉంటుంది, ఇంకా ఉంటే ఈజ్ అనాలి. హ్యాజ్ దగ్గర మాత్రం జాగ్రత్త. "షీ హ్యాజ్ వన్ మోర్ రేసెస్ దేన్ హీ హ్యాజ్" అంటే ఆయన లెక్క ఇంకా ముగియలేదని. ఆయన ఎప్పుడో పరుగు మానేశాడు కాబట్టి ఇక్కడ "హీ డిడ్" అనడమే సరి, కుటుంబం మారినా.

"ది కోచ్ ట్రస్టెడ్ హర్ మోర్ దేన్ హర్ ఫాదర్" అన్న వాక్యం ఇంకా కష్టపెట్టింది. తండ్రి నమ్మినదానికంటే కోచ్ ఎక్కువ నమ్మాడా, లేక కోచ్ తండ్రికంటే పిల్లనే ఎక్కువ నమ్మాడా? మొదటిదైతే చివర డిడ్ పెట్టు. రెండోదైతే "దేన్ హీ ట్రస్టెడ్ హర్ ఫాదర్" అని క్రియ పూర్తిగా రాసెయ్, వాక్యం కాస్త పొడుగైనా పర్వాలేదు. నీ కథ మొత్తం ఆ ముగ్గురి మధ్య నమ్మకం మీదే నిలబడింది, అక్కడ పాఠకుణ్ణి అనుమానంలో వదలకూడదు.

ఇదంతా చదివి ప్రతి దేన్ వెనకా ఒక డిడ్ తగిలించకు. కాలం ఒకటే అయి, అర్థం ఒక్కటే వచ్చేచోట "దేన్ హర్ బ్రదర్" అని వదిలేస్తేనే వాక్యం తేలిగ్గా ఉంటుంది. "దేన్ డిడ్ హర్ బ్రదర్స్" అని తిరగేసి రాసింది కూడా తీసెయ్. అది తప్పు కాదు, పుస్తకాల భాష, పల్లెటూరి గ్రౌండ్‌లో కూర్చున్న నీ కథకుడి నోట అతకదు.

చివరి పేరాలో "షీ వాజ్ నాట్ యాజ్ అఫ్రెయిడ్ యాజ్ షీ వాజ్" అన్నచోట వాక్యం ఆగి ఉంది. ఎప్పటి భయం? పోయినేడాది పడిపోయినప్పటిదైతే "యాజ్ షీ హ్యాడ్ బీన్ ది ఇయర్ బిఫోర్" అని దిద్ది మళ్లీ పంపు.