గుణించాలా, భాగించాలా?

ప్రశ్న: మాది ఒంగోలు. బీకాం అయింది. చీమకుర్తిలో గ్రానైట్ ఎగుమతి చేసే కంపెనీకి అకౌంట్స్ ఉద్యోగం కోసం వెళ్లాను. "ఇటలీ నుంచి మెషిన్ స్పేర్లు తెప్పించాం. బిల్లు 5,400 యూరోలు, మన ఖాతాలో డాలర్లున్నాయి, EUR/USD 1.0800. ఎన్ని డాలర్లు పోతాయి?" అని అడిగారు. భాగించి 5,000 అన్నాను. తప్పన్నారు. ఎప్పుడు గుణించాలో, ఎప్పుడు భాగించాలో నాకు పట్టుబడట్లేదు.

జవాబు: మీరు తడబడింది లెక్క దగ్గర కాదు, ఆ గీత దగ్గర. చిన్నప్పటి నుంచి కి.మీ./గంట అని చదివిన అలవాటుతో EUR/USDని కూడా "ఒక డాలరుకు ఇన్ని యూరోలు" అనుకుంటాం. కరెన్సీ జతలో ఆ గీతకు అర్థం అది కాదు. ఎడమవైపున్నది బేస్ కరెన్సీ, దాన్ని ఎప్పుడూ 1గా తీసుకుంటాం. కుడివైపున్నది కోట్ కరెన్సీ, పక్కనున్న అంకె దానిది. అంటే 1 యూరో = 1.0800 డాలర్లు. కాగితం మీద ముందు ఈ ఒక్క లైను రాసి, ఆ తర్వాతే కాలిక్యులేటర్ ముట్టుకోండి.

ఇక మీరు మార్చాల్సిన మొత్తం ఏ కరెన్సీలో ఇచ్చారో చూడండి. బిల్లు యూరోల్లో ఉంది, యూరో బేస్. బేస్ నుంచి కోట్‌కు వెళ్తున్నారు కాబట్టి గుణించాలి: 5,400 × 1.08 = 5,832 డాలర్లు. ఒకవేళ ప్రశ్న తిరగబడి, "ఖాతాలో 5,400 డాలర్లున్నాయి, ఎన్ని యూరోలు వస్తాయి?" అని ఉంటే కోట్ నుంచి బేస్‌కు వస్తున్నారు, అప్పుడు భాగించాలి: 5,400 ÷ 1.08 = 5,000. మీరు చెప్పింది ఈ రెండో ప్రశ్నకు జవాబు.

ఈ పొరపాటు అందరికీ యూరో, డాలర్ల దగ్గరే ఎందుకు జరుగుతుందో గమనించండి. USD/INR 85.50 అనుకుందాం. 20,000 డాలర్ల బిల్లును పొరపాటున భాగిస్తే 234 రూపాయలు వస్తుంది, కంటెయినర్ గ్రానైట్‌కు 234 రూపాయలేంటని మనకే అనుమానమొస్తుంది. గుణిస్తే 17,10,000. కానీ రేటు 1కి దగ్గరగా ఉన్నప్పుడు తప్పు జవాబు కూడా ఒప్పులాగే కనిపిస్తుంది. 5,000, 5,832 రెండూ నమ్మబుద్ధేసే అంకెలే. అందుకే జవాబు వచ్చాక ఒక్క ప్రశ్న వేసుకోండి: ఏ కరెన్సీ ఖరీదైనది? ఒక యూరో కొనాలంటే డాలరు కంటే ఎక్కువ పెట్టాలి. కాబట్టి డాలర్ల సంఖ్య 5,400 కంటే పెరగాలే తప్ప తగ్గకూడదు. మీ 5,000 అక్కడే దొరికిపోయేది.

"డాలరు ఎప్పుడూ ముందుంటుంది కదా" అనే నమ్మకం కూడా వదిలేయండి. USD/INR, USD/JPYలలో డాలరు బేస్. EUR/USD, GBP/USD, AUD/USDలలో అది కోట్. జతను చూడకుండా "డాలరైతే గుణించాలి" అని బట్టీపడితే సగం చోట్ల దెబ్బతింటారు.

నిజంగా ఉద్యోగంలో చేరాక బ్యాంకు ఒక రేటు చెప్పదు, రెండు చెబుతుంది: 1.0798/1.0802. ఈ రెండూ బేస్ కరెన్సీకి బ్యాంకు చెప్పే ధరలు. యూరోను బ్యాంకు మన దగ్గర కొనేది ఎడమ రేటుకు, మనకు అమ్మేది కుడి రేటుకు. మీ కేసులో మనం యూరోలు కొంటున్నాం, కాబట్టి 1.0802 పడుతుంది, బిల్లు 5,833 డాలర్ల 8 సెంట్లు అవుతుంది. ఏ రేటు తీసుకోవాలో తేలకపోతే, రెండింటితోనూ లెక్కేసి చూడండి. మనకు నష్టంగా ఉన్నదే మనకు వర్తించేది.

మీరు నెల్లూరు వైపు రొయ్యల ఎగుమతి కంపెనీలకూ ప్రయత్నిస్తుంటే యెన్ గురించి ఒక మాట. జపాన్ బిల్లు 30 లక్షల యెన్లు, USD/JPY 150 అనుకోండి. యెన్ కోట్ కాబట్టి భాగిస్తే 20,000 డాలర్లు. అదే రూపాయల్లోకి నేరుగా మార్చాలంటే మన దగ్గర యెన్ రేటు 100 యెన్లకు చెబుతారు. ఎఫ్‌బీఐఎల్ అనే సంస్థ రోజూ ఇచ్చే రిఫరెన్స్ రేటులోనూ అంతే. అక్కడ 57 అని ఉంటే, అది ఒక యెన్‌కు కాదు. 30 లక్షలను ముందు 100తో భాగించి, వచ్చిన 30,000ను 57తో గుణించాలి: 17,10,000 రూపాయలు. ఇదే బిల్లును డాలర్ల మీదుగా, 20,000ను 85.50తో గుణించి చూసుకోండి, అదే 17,10,000 వస్తుంది. ఆ 100ను మరిచిపోతే 17 కోట్లు దాటుతుంది.

మళ్లీ ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు అంకె ఒక్కటే చెప్పకండి. "1 యూరోకు 1.08 డాలర్లు, బిల్లు యూరోల్లో ఉంది, కాబట్టి గుణిస్తున్నాను" అని పైకి అంటూ చేయండి. వాళ్లు చూసేది మీరు కోట్‌ను ఎలా చదువుతున్నారనే.