టెక్ సందేహాలు: పెద్దది చేసిన ఫొటోలో గళ్ల గీతలు

3000×2000 సైజు గోపురం ఫొటోను ఫ్లెక్సీ కోసం, ఫొటోలను పెద్దవి చేసే ఏఐ ప్రోగ్రామ్ రియల్-ఈఎస్‌ఆర్‌గాన్‌తో నాలుగు రెట్లు పెంచబోతే మెమరీ చాలదంటూ ఆగిపోయింది. నా గ్రాఫిక్స్ కార్డు 4 జీబీ. `-t 400` పెడితే పూర్తయింది కానీ ఆకాశంలో సన్నటి గీతలు గళ్లుగా కనిపిస్తున్నాయి. టైల్ సైజు ఇంకా తగ్గించాలా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

వద్దు. మెమరీ చాలేలా ఫొటోను కోసే చదరపు ముక్కే టైల్, దాని సైజు `-t`. టైల్ తగ్గేకొద్దీ అతుకులు పెరుగుతాయి. మీరు మార్చాల్సింది `--tile_pad`, అంటే ప్రతి టైల్ చుట్టూ అదనంగా తీసుకునే అంచు.

మొదట ఆ గీతలు టైల్ వల్లే వచ్చాయో లేదో చూసుకోండి. 400 టైల్‌ను నాలుగు రెట్లు చేస్తే 1600. అంటే అతుకులు పెద్ద ఫొటోలో సరిగ్గా 1600, 3200, 4800 పిక్సెళ్ల దగ్గరే పడాలి. అక్కడ కాకుండా ప్రతి 32 పిక్సెళ్లకో గడి కనిపిస్తోందంటే అది అసలు ఫొటోను జేపెగ్‌గా కుదించినప్పుడే పడిన గళ్ల మరక, టైల్‌ది తప్పు కాదు. ఇంకా అనుమానముంటే అసలు ఫొటోలో అడ్డంగా 200 నుంచి 600 పిక్సెల్ వరకున్న ఆకాశం ముక్కను కత్తిరించి, `-t` లేకుండా నడపండి. గీత మాయమైతే దొంగ దొరికినట్టే.

ఈ మోడల్ ఒక పిక్సెల్‌ను తేల్చడానికి దాని చుట్టుపక్కలా చూస్తుంది. `RealESRGAN_x4plus`లో కన్వల్యూషన్ పొరలు దాదాపు 350. ఒక్కో పొర ఒక్కో పిక్సెల్ అవతలికి తొంగిచూస్తుంది కాబట్టి లెక్కప్రకారం చూపు 350 పిక్సెళ్ల దాకా పోతుంది. అసలు ప్రభావమంతా దగ్గరి పిక్సెళ్లదే అయినా, మామూలుగా ఉండే ప్యాడ్ 10 మాత్రమే. ఆ అంచు దాటితే మోడల్‌కు ఏమీ కనిపించదు, పక్క టైల్ ఏం గీసిందో తెలియదు. గోపురం మీది శిల్పాల్లో ఆ తేడా కలిసిపోతుంది, నున్నటి ఆకాశంలో బయటపడుతుంది.

ఇలా నడిపి చూడండి:

```
python inference_realesrgan.py -n RealESRGAN_x4plus -i gopuram.jpg -t 400 --tile_pad 32
```

ఇప్పుడు ఫొటో అంచుల్లోవి తప్ప ప్రతి టైల్ 464×464గా లోపలికెళ్తుంది. అదనపు అంచును కోసేసి మధ్య భాగాన్నే అతికిస్తుంది. ప్యాడ్ అసలు లేనిదానితో పోలిస్తే పని సుమారు 35 శాతం పెరుగుతుంది. అదే ప్యాడ్‌తో టైల్ 200 చేస్తే 74 శాతం దండగ! అందుకే కార్డు మోయగలిగినంత పెద్ద టైలే మేలు. గీత ఇంకా ఉంటే ప్యాడ్ 64 చేయండి, మెమరీ చాలకపోతే అప్పుడు టైల్‌ను 320కి దించండి. ఫొటోషాప్‌లో అతుకును మసకబార్చడం నాకు నచ్చదు. గీత పోయినా ఆ చోట ఒక మెత్తటి పట్టీ మిగులుతుంది.

ఇంకో చిక్కుంది. టైల్ ఎంత చిన్నదైనా, పూర్తయ్యే 12000×8000 బొమ్మ కూడా కార్డు మెమరీలోనే తయారవుతుంది. దానికే చివర్లో ఒకటిన్నర జీబీకి పైగా కావాలి. టైల్స్ అన్నీ అయ్యాక ఆఖర్న ఆగిపోతోందంటే కారణం అదే. అప్పుడు ఫొటోను రెండు సగాలుగా, మధ్యలో వంద పిక్సెళ్లు రెండింటిలోనూ ఉండేలా కోసి, విడివిడిగా నడపండి. అతికించేటప్పుడు ఆ ఉమ్మడి భాగం మధ్యలో కలపండి.