ఖాళీ ఫ్లాట్ ఫొటోలు: ఏ తేదీని నమ్మాలి, ఏ వివరాన్ని దాచాలి?

ప్రశ్న: భీమవరంలో మా ఫ్లాట్ అద్దెవాళ్లు వెళ్లిపోయాక మూడు నెలలుగా ఖాళీగా ఉంది. మా బాబాయి కొడుకు ప్రతి శనివారం వెళ్లి చూసి వాట్సాప్‌లో ఫొటోలు పంపుతున్నాడు. పోయిన వారం ఊళ్లో మూడు రోజులు వాన పడిందట, ఫొటోలో మాత్రం బాల్కనీ గచ్చు పొడిగా ఉంది. పాత ఫొటోలేమోనని అనుమానంగా ఉంది. తేదీ, స్థలం ఫొటో మీదే ముద్రించే కెమెరా యాప్ వేసుకోమని అతనికి చెప్పమంటారా? — ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఆ యాప్ వద్దు. ఇదే ప్రశ్న కాకినాడ నుంచి, అమలాపురం నుంచి, దుబాయ్‌లో ఉంటున్న తణుకు వారి నుంచి కూడా వస్తోంది. అందరికీ తట్టే పరిష్కారం ఆ యాపే కనుక, అది ఎందుకు వద్దో కొంచెం వివరంగానే చెప్పాలి. అంతకంటే ముందు మీ అనుమానం సంగతి చూద్దాం.

మీ ఫోన్‌లో ఆ ఫొటో ఫైలు పేరు చూడండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో అది ఇలా ఉంటుంది:

```
IMG-20250712-WA0004.jpg
```

ఇందులో కనిపించే 2025 జూలై 12 ఫొటో తీసిన రోజు కాదు, అది వాట్సాప్ ద్వారా మీ ఫోన్‌కు చేరిన రోజు. మీ తమ్ముడు జూన్‌లో తీసిన ఫొటోను జూలైలో పంపినా పేరులో జూలై తేదీయే పడుతుంది, మీ గ్యాలరీ కూడా దాన్ని ఆ రోజు ఫొటోల మధ్యే చూపిస్తుంది. చాలామంది ఇక్కడే పొరబడి, గ్యాలరీ చూపించిన తేదీని సాక్ష్యంగా తీసుకుంటున్నారు. కెమెరాతో ఫొటో తీసినప్పుడు తేదీ, సమయం, అనుమతి ఉంటే స్థలం కూడా ఫైలు లోపల నమోదవుతాయి. కానీ మామూలు పద్ధతిలో పంపిన ఫొటో నుంచి వాట్సాప్ ఆ వివరాలను తొలగించి, బొమ్మను కుదించి పంపుతుంది. HD అని ఎంచుకుంటే బొమ్మ కొంత స్పష్టంగా వస్తుంది తప్ప ఆ వివరాలు తిరిగి రావు. అందువల్ల మీ దగ్గరున్న ఫొటోల నుంచి అవి ఎప్పటివో తేల్చడం సాధ్యం కాదు. పొడిగా ఉన్న గచ్చు కూడా రుజువు కాదు, ఎందుకంటే వాన జల్లు ఏ వైపు నుంచి కొట్టిందో, ఎన్ని గంటల ముందు ఆగిందో మనకు తెలియదు.

ఇకమీదట ఫొటోలను వాట్సాప్ లోపలి కెమెరాతో కాకుండా ఫోన్ కెమెరాతో తీయమనండి. పంపేటప్పుడు జతచేసే గుర్తు నొక్కి, Gallery బదులు Document ఎంచుకోమనండి. అప్పుడు ఫైలు తాకకుండా, కుదించకుండా వస్తుంది. దాన్ని కంప్యూటర్‌లో దించుకుని, కుడి క్లిక్ చేసి Properties, అందులో Details తెరిస్తే Date taken అన్న వరుసలో తీసిన తేదీ, సమయం కనిపిస్తాయి. ఈ తేదీని మార్చే ఉచిత సాధనాలు ఉన్నాయి కనుక ఇది కోర్టులో నిలిచే సాక్ష్యమేమీ కాదు. కానీ మీ తమ్ముడు ఫోర్జరీకి పూనుకునే మనిషి కాదు కదా. ఒక శనివారం వీలుపడక, మొహమాటంతో పాత ఫొటో పంపి ఉంటే ఉండవచ్చు, ఆ పాటి విషయం తేల్చుకోవడానికి ఇది సరిపోతుంది.

అయితే Document పద్ధతిలో తేదీతో పాటు స్థలం కూడా అలాగే ప్రయాణిస్తుంది. కాబట్టి ముందుగా అతని కెమెరా సెట్టింగుల్లో Location tags లేదా Save location అని ఉన్న మీటను ఆపించండి. ఈ మీట విషయంలో ఫోన్లు తయారుచేసేవారి మీద నాకు చాలాకాలంగా కోపం ఉంది. కొత్త ఫోన్‌లో కెమెరాను మొదటిసారి తెరవగానే, మనిషి ఫొటో తీసే తొందరలో ఉన్నప్పుడు, స్థలం నమోదు చేయమంటారా అని ఒక్క వాక్యం వచ్చి పోతుంది. దాదాపు అందరూ సరేనని నొక్కేస్తారు. ఆ తరువాత ఏళ్ల తరబడి ప్రతి ఫొటోలోనూ ఇంటి చిరునామా లాంటి సమాచారం చేరుతున్నా, ఏ ఫొటో పంపుతున్నప్పుడూ ఎవరూ ఆ మాట గుర్తు చేయరు.

ఇప్పుడు ఆ ముద్రించే యాప్ సంగతి. పొలాల్లో, రోడ్డు పనుల దగ్గర, ఇళ్ల నిర్మాణ పథకాల్లో పని జరిగిందని చూపడానికి ఇటువంటి యాప్‌లు బాగా వాడుకలోకి వచ్చాయి. అక్కడ స్థలం అందరికీ తెలియడమే ప్రయోజనం, మీ ఫ్లాట్ విషయంలో అదే ప్రమాదం. ఫొటో అడుగున చిన్న మ్యాపు, వీధి పేరు, పిన్‌కోడ్, 16.5, 81.5 లతో మొదలయ్యే అక్షాంశ రేఖాంశాలు అచ్చవుతాయి. దశాంశం తరువాత ఐదు అంకెలుంటే ఆ సంఖ్య దాదాపు ఒక మీటరు మేర దాకా సూచిస్తుంది. గదిలోపల ఫోన్‌కు ఉపగ్రహ సంకేతం సరిగా అందక అంత కచ్చితత్వం రాకపోయినా, అపార్ట్‌మెంట్ ఏదో తెలియడానికి అది చాలు. ఫైలు లోపల దాగిన వివరాలను వాట్సాప్ తొలగిస్తుందని పైన చెప్పాను. ఇవి దాగిన వివరాలు కావు, బొమ్మలో భాగమైపోయిన అక్షరాలు, కనుక ఎన్ని చేతులు మారినా చెరగవు. తాళం వేసిన తలుపు, సామాను లేని హాలు, దాని కింద ఆ ఇంటి చిరునామా, ఈ మూడూ ఒకే బొమ్మలో ఉంటే దొంగకు అంతకుమించి కావలసిందేముంటుంది? ఇంత చేసినా తేదీకి పూచీ కూడా లేదు, చాలా యాప్‌లు ఫోన్ గడియారాన్నే చదువుతాయి, దాన్ని వెనక్కి తిప్పితే అచ్చయ్యే తేదీ కూడా వెనక్కి వెళ్తుంది.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెట్టేది ఫొటోలు వెళ్లే చోటు. నలభై మంది ఉన్న కుటుంబ గ్రూపులో ప్రతి శనివారం పదింటికి ఈ ఫొటోలు పెట్టే ఇళ్లు నాకు తెలుసు. ఒక్కసారి పెడితే నలభై ఫోన్లలోకి వాటంతటవే దిగుతాయి, కొన్నిటి నుంచి క్లౌడ్ ఖాతాల్లోకి కూడా ఎక్కుతాయి, పిల్లల చేతుల్లోకి, మరమ్మతు దుకాణానికి ఇచ్చిన ఫోన్లలోకి కూడా వెళ్తాయి. ఇల్లు ఖాళీగా ఉందన్న సంగతితో పాటు, శనివారం ఉదయం తప్ప అటు ఎవరూ రారన్న సంగతి కూడా వాటితోనే తెలిసిపోతుంది. ఫొటోలు అతని నుంచి మీకు మాత్రమే రావాలి, అందినట్టు మీరు చెప్పగానే అతను తన ఫోన్‌లోంచి తీసేయాలి. వెళ్లే రోజును కూడా వారానికోలా మార్చుకోవడం మేలు.

తాళంచెవి ఏ ఫొటోలోనూ పడకూడదు. 2008లో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు దాదాపు 60 మీటర్ల దూరం నుంచి తీసిన ఫొటో ఆధారంగా మారు తాళంచెవి చేయవచ్చని చూపించారు. బల్ల మీద పెట్టిన తాళంచెవుల గుత్తి దగ్గరి నుంచి తీసిన ఫొటోలో పడితే ఆ పని ఇంకా సులువు.

సరే, స్థలం ముద్రించకుండా ఆ రోజే వెళ్లాడని తెలిసేదెలా? అందుకు మీ ఇంటి కరెంటు మీటరే చాలు. ఎలక్ట్రానిక్ మీటర్లు చాలావాటి తెర మీద కొన్ని సెకన్లకొకటి చొప్పున వివరాలు మారుతూ, తేదీ, సమయం, యూనిట్ల రీడింగు వరుసగా వస్తాయి. కొన్ని మీటర్లలో పక్కనున్న బొత్తాం నొక్కాలి. తేదీ వచ్చినప్పుడు ఒకటి, రీడింగు వచ్చినప్పుడు ఒకటి, రెండు ఫొటోలు చాలు. ఫోన్ గడియారంలా మీటరు గడియారాన్ని ఎవరూ తిప్పలేరు, అది కొన్ని నిమిషాలు అటూ ఇటూ ఉన్నా మనకు నష్టం లేదు.

ఉదాహరణకు జూలై 5న రీడింగు 4312 అనుకుందాం. మీరు ఇంట్లో మెయిన్ ఆపి ఉంటే 12న కూడా 4312 ఉండాలి. రీడింగు కదలదు కాబట్టి పాత ఫొటోకూ కొత్త ఫొటోకూ తేడా చెప్పలేదు, అందుకే తేదీ తెర తప్పనిసరి అంటున్నాను. మెయిన్ ఆపి ఉండగానే 4319 కనిపిస్తే ఎవరో లోపలికి వచ్చి కరెంటు వాడి ఉండాలి, లేదా మీ మీటరు నుంచి ఇంకో చోటికి తీగ వెళ్లి ఉండాలి. అప్పుడు ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి. ఫ్రిజ్ నడుస్తూ ఉంటే మాత్రం మొదటి రెండు మూడు వారాల పెరుగుదలను రాసిపెట్టుకుని, తరువాతి వారాలను దానితో పోల్చుకోవాలి. కరెంటు పోయిన సమయంలో చాలా మీటర్ల తెర వెలగదు కనుక, వచ్చాక తీయమనండి. మీటరు ఫొటోలో తెర మాత్రమే ఉండాలి, మీ కనెక్షన్ సర్వీసు నంబరు పడకూడదు. చెల్లింపు యాప్‌లలో ఆ నంబరు కొడితే యజమాని పేరు, కట్టవలసిన మొత్తం కనిపిస్తాయి, నామమాత్రపు బిల్లు చూస్తే ఇల్లు ఖాళీ అని ఎవరికైనా అర్థమవుతుంది. అపార్ట్‌మెంట్ కింద వరుసగా ఉన్న మీటర్లలో అది మీదేనని రీడింగు వరుసే చెబుతుంది.

ఇక గదుల సంగతి. డెల్టాలో వానాకాలం ఖాళీ ఇంటికి దొంగ కంటే ముందు చెమ్మ వస్తుంది. పైకప్పు మూలల్లో, బాత్‌రూమ్‌కు ఆనుకున్న గోడల మీద వచ్చే పలచని మరక కుదించిన ఫొటోలో కనిపించదు, దాన్ని చూడాలన్నా Document పద్ధతే అవసరం. మరక అంచు వెంబడి పెన్సిలుతో సన్నని గీత గీసి, పక్కన తేదీ వేయమని మీ తమ్ముడికి చెప్పండి. మరుసటి వారం మరక గీత దాటితే నీరు ఇంకా దిగుతోందని తెలుస్తుంది, గీత లోపలే వెలిసిపోతుంటే ఆరుతోందని తెలుస్తుంది. ప్రతిసారీ ఒకే చోట నిలబడి, ఫ్లాష్ లేకుండా, కిటికీ తెరిచి తీయాలి, ఫ్లాష్ వెలుగులో మరక తెల్లబడిపోతుంది. ఇరవై ఫొటోలు అడగకండి. మీటరువి రెండు, చెమ్మ వచ్చే గోడలవి రెండు, వంటగది సింకు కిందిది ఒకటి, బాల్కనీది ఒకటి, ఆరు చాలు. అడిగినవి తక్కువగా ఉంటే పాత ఫొటో పంపవలసిన అవసరమూ అతనికి రాదు. వెళ్లినప్పుడు బాత్‌రూమ్ నీళ్లు పోయే జాలీలో రెండు చెంబుల నీళ్లు పోసి రమ్మనండి, లోపల నిలిచే నీరు ఆరిపోతే దుర్వాసన, బొద్దింకలు ఆ దారినే పైకి వస్తాయి.

పోయిన వారం ఫొటోల గురించి అతన్ని నిలదీయకండి. ఈ శనివారం అతను అక్కడున్నప్పుడు వీడియో కాల్ చేయించుకుని, ఏ గోడ దగ్గర ఎక్కడ నిలబడాలో, మీటరు తెర మీద తేదీ ఎప్పుడు వస్తుందో ఇద్దరూ కలిసి చూసుకోండి. బాల్కనీలోకి వాన జల్లు ఏ మేరకు పడుతుందో కూడా అప్పుడే అడగవచ్చు.