రెండు నెలలు ఇండియా వెళ్తే జర్మనీలో గది ఎలా నిలుపుకోవాలి?

జర్మనీలో స్టూడెంట్ హాస్టల్లో ఉండే ఒక తమ్ముడు మొన్న అడిగాడు: "అన్నా, అక్క పెళ్లికి ఫిబ్రవరి చివర్లో వెళ్లి మే మొదట్లో వస్తాను. అప్పటిదాకా రూమ్ ఉంచమని మెయిల్ పెడితే అద్దె ఆపుతారా?"

ఆపరు తమ్ముడూ. కాంట్రాక్టు ఉన్నన్నాళ్లూ గదిలో ఉన్నా లేకపోయినా అద్దె కట్టాల్సిందే. ఆ భారం తగ్గాలంటే నువ్వు అడగాల్సింది ఉంటర్‌ఫెర్మీటుంగ్, అంటే నీ గదిని కొన్నాళ్లు ఇంకొకరికి ఇచ్చుకునే అనుమతి. చాలా హాస్టళ్లలో దానికి ఫారమ్ ఉంటుంది. వచ్చేవాళ్లూ స్టూడెంటే అయ్యుండాలంటారు, యూనివర్సిటీ ఇచ్చిన ఎన్‌రోల్‌మెంట్ కాగితం జతచేయమంటారు. కనీసం ఆరు వారాల ముందు మెయిల్ పెట్టు. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఎందుకు వెళ్తున్నావు, గదిలో ఎవరుంటారు, తిరిగి ఎప్పుడొస్తావు, ఈ నాలుగూ రాస్తే చాలు. "సరే" అన్న జవాబు రాతలో వచ్చేదాకా ఎవరికీ మాట ఇవ్వొద్దు.

నేను చదువుకునే రోజుల్లో ఎవరికీ చెప్పకుండా తెలిసినవాడికి తాళం ఇచ్చి వెళ్లాను. పొగ అలారం చెక్ చేయడానికి హాస్టల్ కేర్‌టేకర్ వస్తే తలుపు తీసింది వేరే మనిషి. వార్నింగ్ లెటర్ నా పేరుతో పోస్టు డబ్బాలో పడింది. వాడు డబ్బా తెరవలేదు. నేను తిరిగొచ్చేసరికి జవాబు ఇవ్వాల్సిన గడువు దాటిపోయింది. గది నిలబెట్టుకోవడానికి వారం పాటు ఆఫీసు చుట్టూ తిరిగాను.

డబ్బు సంగతి. అద్దె 320 యూరోలు అనుకుందాం, మార్చి, ఏప్రిల్ నెలలకు గదిని ఒకతనికి ఇస్తున్నావు. అద్దె మీద లాభం వేసుకోవద్దు. ఒక నెల అద్దె డిపాజిట్‌గా ముందే తీసుకో, తాళం ఇచ్చేముందు గది ఫొటోలు తీసి ఇద్దరూ దగ్గర పెట్టుకోండి. హాస్టల్ మాత్రం ఎప్పటిలాగే నీ అకౌంటు నుంచే అద్దె లాగుతుంది. అతను ఆలస్యం చేసినా బాకీ నీదే. రెండు నెలల అద్దె బాకీ పడితే గడువు కూడా ఇవ్వకుండా కాంట్రాక్టు రద్దు చేసే హక్కు హాస్టల్‌కుంది. అందుకే రెండు నెలల డబ్బు అకౌంటులో ఉంచి విమానం ఎక్కు.

వచ్చే అతను ఇండియా నుంచి కొత్తగా దిగినవాడైతే సిటీ ఆఫీసులో అడ్రస్ రిజిస్ట్రేషన్‌కి ఇంటి తరఫు కాగితం అడుగుతాడు. అది ఎవరు సంతకం పెట్టివ్వాలో హాస్టల్‌ని అదే మెయిల్లో అడిగెయ్. నీ రిజిస్ట్రేషన్ మాత్రం తీయించుకోకు. ప్రయాణం ఆరు నెలలు దాటేట్టుంటే గది కంటే ముందు వీసా ఆఫీసుతో మాట్లాడు, మామూలు స్టూడెంట్ పర్మిట్ అక్కడే చెల్లకుండా పోవచ్చు.

పోస్టు డబ్బా మీద నీ పేరు అలాగే ఉంచి, దాని కింద అతని పేరు అంటించు. నీ పేరు లేకపోతే పోస్ట్‌మ్యాన్ ఉత్తరాన్ని వెనక్కి పంపేస్తాడు. వారానికోసారి డబ్బా తీసి నీ పేరుతో వచ్చిన ప్రతి కవరునూ ఫొటో తీసి పంపమని అతనితో ముందే ఒప్పందం చేసుకో.