రెండు నిమిషాల సగటు వెనుక ఉన్నవాళ్లెవరు?

*డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఎక్సెల్ పాఠాలతో యూట్యూబ్ ఛానెల్ పెట్టి నాలుగు నెలలైంది. పదకొండో వీడియో 8 నిమిషాలది, పట్టికలో ఒక విలువను వెతికి తెచ్చే VLOOKUP సూత్రం మీద చేశాను. నెల రోజుల్లో 2,600 ఇంప్రెషన్లు, 210 వ్యూలు వచ్చాయి. క్లిక్ శాతం 3.1, సగటు వీక్షణ సమయం 2 నిమిషాలే. పాఠం బాగోలేదని అర్థమా? దీన్ని వదిలేసి ఉద్యోగ ప్రయత్నాలు చూసుకోమని ఇంట్లో అంటున్నారు. స్క్రీన్‌షాట్లు జతచేశాను.*

మీ లెక్కలోనే ఒక చిక్కుముడి ఉంది, ముందు అది విప్పుదాం. 2,600 ఇంప్రెషన్లకు 210 వ్యూలంటే 8 శాతం రావాలి. తెర మీద 3.1 ఉంది. తేడా ఎందుకంటే మీ వ్యూలన్నీ ఇంప్రెషన్ల నుంచి రాలేదు. యూట్యూబ్‌లో మీ థంబ్‌నెయిల్ కనీసం సగం భాగం, ఒక సెకనుకు మించి తెర మీద కనిపిస్తేనే అది ఒక ఇంప్రెషన్. మీరు ఎవరికైనా లింకు పంపితే, వాళ్లు దాన్ని నొక్కి నేరుగా వీడియోలోకి వస్తారు. వాళ్లు వ్యూలలో ఉంటారు, ఇంప్రెషన్లలో ఉండరు. 2,600లో 3.1 శాతమంటే సుమారు 80. అంటే మిగిలిన 130 మంది మరో దారిలో వచ్చారన్నమాట.

ఆ దారి ఏదో మీ రెండో స్క్రీన్‌షాట్‌లో ఉంది. Advanced modeలో ట్రాఫిక్ సోర్సుల పట్టిక తెరిచి పంపారు గానీ, మీరు దాన్ని చదివినట్టు లేరు. External అన్న వరుసలో 120 వ్యూలు ఉన్నాయి, వాటి సగటు 40 సెకన్లు. ఎవరు వీళ్లు? క్లాసు గ్రూపులో లింకు పెట్టానని మీరే ఉత్తరం చివర రాశారు. స్నేహితులు మాట కాదనలేక తెరిచారు, ఒక లైకు కొట్టి వెళ్లారు. వాళ్లకు VLOOKUPతో పని లేదు. తప్పు వాళ్లదీ కాదు, మీ పాఠానిదీ కాదు. (ఇలా పంచిన లింకుల్లో కొన్ని Direct or unknown కిందకు కూడా వెళ్తుంటాయి, ఆ వరుస కూడా చూడండి.)

ఇప్పుడు YouTube search వరుస. 50 వ్యూలు, సగటు 4 నిమిషాల 36 సెకన్లు. 8 నిమిషాల వీడియోలో అది సగానికి పైనే. హోమ్ పేజీ లాంటి చోట్ల చూపించిన Browse features నుంచి 30 వ్యూలు, సగటు 2 నిమిషాల 40 సెకన్లు. మిగిలిన చిల్లర 10 వ్యూలకు 3 నిమిషాలు. అన్నీ కలిపితే చూసిన సమయం 420 నిమిషాలు. దాన్ని 210తో భాగిస్తే మిమ్మల్ని కంగారు పెట్టిన ఆ 2 నిమిషాలు వస్తాయి. గ్రూపు నుంచి వచ్చినవాళ్లను పక్కన పెడితే 90 వ్యూలకు 340 నిమిషాలు, అంటే దాదాపు 3 నిమిషాల 47 సెకన్లు. వీడియో అదే, పాఠం అదే. చిన్న ఛానెల్‌కు ఈ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. లక్ష వ్యూలలో 120 మంది కనబడకుండా పోతారు. 210లో వాళ్లే మెజారిటీ.

క్లిక్ శాతాన్ని కూడా ఇలాగే విడదీయాలి. సెర్చ్‌లో 600 ఇంప్రెషన్లకు 50 వ్యూలు, అంటే 8.3 శాతం. బ్రౌజ్‌లో 2,000కు 30, అంటే 1.5 శాతం. సగం ఛానెళ్ల క్లిక్ శాతం 2 నుంచి 10 మధ్య ఉంటుందని యూట్యూబ్ సహాయ పుటలు చెబుతాయి. ఆ గీతతో పోల్చుకుని నిద్ర పాడుచేసుకునేవాళ్లను చాలామందిని చూశాను. అంత వెడల్పు గీతతో ఏ నిర్ణయమూ కుదరదు. వెతుక్కుంటూ వచ్చినవాడికి మీ శీర్షిక పనికొచ్చింది, ఊరికే స్క్రోల్ చేస్తున్నవాడికి పనికిరాలేదు. నిలబడే విషయం ఇంతవరకే. హోమ్ పేజీలో ఎందుకు నొక్కలేదో అంకెలు చెప్పవు. నా అనుమానమైతే శీర్షికలోని ‘సిరీస్ 11’ మీద. ముందు పది చూడనివాడు పదకొండోది ఎందుకు తెరుస్తాడు?

ఇక అసలు విలువైనది. సెర్చ్ వరుస మీద నొక్కితే జనం ఏ మాటలు టైపు చేసి వచ్చారో కనిపిస్తుంది. మీ జాబితాలో VLOOKUP తర్వాత ఎక్కువసార్లు ఉన్నది, వెతికిన విలువ దొరకనప్పుడు ఎక్సెల్ చూపే `#N/A`. వీడియోలో ఏ క్షణానికి ఎంతమంది చూస్తున్నారో చూపే రిటెన్షన్ గ్రాఫు కూడా చూడండి. గీత మొదటి నిమిషంలో జారి, తర్వాత నెమ్మదిగా దిగుతూ, 5 నిమిషాల 10 సెకన్ల దగ్గర ఒక్కసారి పైకి లేచింది. అక్కడ ఏముందో చూశాను. పేరు చివర కనబడని ఖాళీ ఉండటం వల్ల `#N/A` వస్తోందని చెప్పి, మీరు దాన్ని ఇలా సరిచేశారు:

```
=VLOOKUP(TRIM(A2),D:E,2,FALSE)
```

గీత లేవడానికి రెండు కారణాలు ఉండొచ్చు. కొందరు ముందు భాగం దాటేసి అక్కడికే వచ్చారు, లేదా అర్థంకాక వెనక్కి తిప్పి మళ్లీ చూశారు. ఏది నిజమో గ్రాఫు చెప్పదు. ఆ భాగాన్ని ఫోనులో పెట్టి మీరే చూడండి. నాకైతే సూత్రంలోని అక్షరాలు చదవడానికి కళ్లు చికిలించాల్సి వచ్చింది. పైగా ఆ ఖాళీ మీరు వెతికే గడిలో ఉంటేనే ఈ సూత్రం పనిచేస్తుంది. D నిలువు వరుసలో ఉంటే పనిచేయదు, ఆ మాట మీరు చెప్పలేదు. మళ్లీ చూసినవాళ్లలో ఆ రెండో రకం చిక్కు ఉన్నవాళ్లు ఉండొచ్చు.

మొదటి నిమిషం జారుడు చూసి లోగో, పలకరింపు తీసేస్తానన్నారు. తీసేయండి, నష్టం లేదు. అయితే ఆ జారుడులో పెద్ద భాగం మీ క్లాసు గ్రూపుది. మీరు చూసిన రిటెన్షన్ గ్రాఫు అందరినీ కలిపి గీసింది కనుక, లోగో తీశాక గీత బాగుపడకపోతే ఆశ్చర్యపడకండి.

చేయాల్సింది ఒక్కటే చెబుతాను. తర్వాతి వీడియో `#N/A` మీదే చేయండి. 4 నిమిషాలకు మించకుండా, తప్పు వచ్చే పట్టికతోనే మొదలుపెట్టి, రెండు రకాల ఖాళీలనూ చూపించండి. శీర్షికలో సిరీస్ సంఖ్య వద్దు. క్లాసు గ్రూపుకు లింకు పంపకండి. స్నేహితుల మీద కోపంతో కాదు, లెక్క శుభ్రంగా ఉండటానికి. మొదటి రెండు రోజుల అంకెలు ఇంకా కుదురుకోవు, వాటిని పట్టించుకోవద్దు. 28 రోజుల తర్వాత సెర్చ్ వరుసను ఒక్కదాన్నే పాత వీడియో మొదటి 28 రోజులతో పోల్చండి. 50 వ్యూలు 45 అయినా 55 అయినా అది మార్పు కాదు. 50 నుంచి 150 అయితే మాట్లాడుకుందాం. నిడివి వేరు కాబట్టి వీక్షణ సమయాన్ని నిమిషాల్లో కాకుండా శాతంలో చూడండి.

ఉద్యోగం సంగతి. ప్రకటనల ఆదాయానికి 1,000 మంది సబ్‌స్క్రైబర్లతో పాటు 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ కావాలి. షార్ట్స్ దారి వేరు. మీ వీడియో నెలలో 7 గంటలు తెచ్చింది. కాబట్టి ఛానెల్‌ను ఆదాయంగా లెక్కవేసుకుని చదువును గానీ ఉద్యోగ ప్రయత్నాన్ని గానీ వాయిదా వేయకండి, ఇంట్లోవాళ్ల మాట ఇంతవరకు సరైనదే. వారానికి ఒక సాయంత్రం దీనికి ఇస్తే చాలు. ఈ రెండు వీడియోల పట్టికలు మాత్రం దాచి ఉంచండి. డిజిటల్ మార్కెటింగ్‌లో గానీ డేటా విశ్లేషణలో గానీ మొదటి ఉద్యోగానికి వెళ్లినప్పుడు, సగటును సోర్సులవారీగా ఎలా విడదీశారో, దాన్ని చూసి ఏం మార్చారో చూపించడానికి మీ చేతిలో సొంత ఉదాహరణ ఉంటుంది. రెండో వీడియో ఫలితం బాగోకపోయినా ఆ పట్టిక తీసేయకండి, ఎదుటివాళ్లు ఎక్కువ ప్రశ్నలు వేసేది దాని మీదే.