కొత్తగా షుగరు బయటపడినవారి చేతికిచ్చే కాగితంలో పాదమే ముందుండాలి

ప్రశ్న: విశాఖపట్నంలో ఒక చిన్న ప్రాథమిక క్లినిక్‌లో పనిచేస్తున్నాను. టైప్ 2 షుగరు కొత్తగా బయటపడినవాళ్లకు ఇవ్వడానికి ఆహారం, పాదాల జాగ్రత్తల మీద ఒక పేజీ కరపత్రం తయారుచేయమన్నారు. ఏం రాస్తే నిజంగా పనికొస్తుంది?

స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరైన నేను ఇలాంటి కరపత్రాలను వేల సంఖ్యలో పంచాను. వాటిలో ఎక్కువభాగం క్లినిక్ గేటు దాటకుండానే మడతపడి జేబుల్లోకి వెళ్లిపోవడం కూడా చూశాను. అయితే కరపత్రంలో ఏ వాక్యం ఎక్కడ ఉండాలో నాకు తెలిసింది ఉద్యోగంలో కాదు, మా పెద్దన్నయ్య వల్ల.

రెండేళ్ల క్రితం మే నెలలో ఆయనకు షుగరు బయటపడింది. పరగడుపున 168, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 8.4 ఉన్నాయి. ఆయన చూపించుకున్న క్లినిక్‌లో మెట్‌ఫార్మిన్ మాత్రలతోపాటు ఒక రంగుల కాగితం ఇచ్చారు. అందులో మూడు వంతులు ఓట్స్, బ్రోకలీ, ఆలివ్ నూనె గురించి ఉంది. చోడి అంబలి తాగి, ఆనపకాయ కూర, చేపల పులుసుతో అన్నం తినే మనిషికి ఆ కాగితం ఏ లోకం గురించి చెబుతోందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. అడుగున సన్న అక్షరాల్లో "పాదములను పరిశుభ్రముగా ఉంచుకొనవలెను" అన్న ఒక్క వాక్యం ఉంది. మా అన్నయ్య రోజుకు రెండుసార్లు స్నానం చేసేవాడు కాబట్టి ఆ వాక్యాన్ని తాను ఇప్పటికే పాటిస్తున్నట్లు నమ్మాడు.

జూలైలో ఆషాఢ పౌర్ణమి ముందురోజు సాయంత్రం, ప్రతి ఏడాదిలాగే, సింహాచలం తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి గిరి ప్రదక్షిణకు బయలుదేరాడు. సుమారు 32 కిలోమీటర్లు, ఉత్త కాళ్లతో, హనుమంతవాక మీదుగా అప్పుఘర్ తీరానికి వచ్చి, అక్కడినుంచి నగరం చుట్టి, తెల్లవారాక తిరిగి కొండ దగ్గరికి చేరాడు. మూడో రోజు వదిన గచ్చు తుడుస్తూ గోధుమరంగు మరకలు చూసింది. కుడి బొటనవేలి కింది మెత్తని భాగంలో రూపాయి బిళ్లంత బొబ్బ లేచి, చిట్లి, దానిమీదే ఆయన రెండు రోజులు తిరిగాడు. మరకలు చూశాక ఆయన చేసిన వైద్యం ఏమిటంటే, బకెట్లో ఉప్పు వేసిన వేడినీళ్లు పోసుకుని అందులో కాలు పెట్టుకుని కూర్చోవడం. ఆ వేడి కూడా ఆయనకు తెలియలేదు. ఐదో రోజు నేను వెళ్లేసరికి పుండు చుట్టూ చర్మం కాలి ఎర్రబడి ఉంది. ఆ పాదం రెండో పాదంకంటే వేడిగా తగులుతోంది. "నొప్పే లేదు కదమ్మా, దానికింత హడావుడి ఎందుకు?" అన్నాడు. నాకు ఎక్కువ భయం వేసింది ఆ మాటకే.

సర్జన్ దగ్గర సన్నని నైలాన్ పోగు, అంటే వంగేసరికి 10 గ్రాముల ఒత్తిడి కలిగించేది, పాదం కింద ఆనించి చూస్తే బొటనవేలి దగ్గర, మడమ ముందు భాగంలో ఆయనకు స్పర్శ తెలియలేదు. ఎక్స్‌రేలో ఎముకకు ఏమీ కాలేదు. అయినా ఏడు వారాలు కట్లు కట్టించుకుంటూ, ఆ కాలు మీద బరువు వేయకుండా గడపవలసి వచ్చింది. షుగరు మే నెలలో బయటపడితే జూలైకే నరాలు ఎలా దెబ్బతిన్నాయని వదిన అడిగింది. బయటపడింది మే నెలలో, ఉన్నది బహుశా చాలా ఏళ్లుగా. రక్తంలో ఎక్కువైన చక్కెర శరీరంలో అన్నింటికన్నా పొడవైన నరాల చివర్లను, అంటే కాలివేళ్లకు వెళ్లేవాటిని, ముందుగా దెబ్బతీస్తుంది. తిమ్మిరి, మంట ఉంటే రోగి వచ్చి చెబుతాడు. అవేవీ లేకుండా స్పర్శ మాత్రమే పోయినవాడు ఎందుకు చెబుతాడు? అందుకే టైప్ 2లో పాదాల పరీక్ష నిర్ధారణ రోజునే జరగాలి, ఆ తర్వాత కనీసం ఏడాదికొకసారి.

మీ క్లినిక్‌లో ఆ నైలాన్ పోగు లేకపోయినా ఇబ్బంది లేదు. రోగిని కళ్లు మూసుకోమని, మీ చూపుడువేలి కొనతో ఆయన కాలివేళ్ల కొసలను ఒకటి రెండు సెకన్లు తేలికగా తాకండి. కుడి బొటనవేలు, కుడి చిటికెనవేలు, తర్వాత ఎడమవి, చివరగా రెండు పాదాల నడిమివేళ్లు, మొత్తం ఆరు. తాకినప్పుడల్లా కుడో ఎడమో చెప్పమనండి. గుచ్చకూడదు, నొక్కకూడదు, చెప్పలేదని అదే వేలిని మళ్లీ తాకకూడదు. ఆరింటిలో రెండుగాని అంతకన్నా ఎక్కువగాని తెలియకపోతే స్పర్శ తగ్గిందని భావించి డాక్టరుకు చూపాలి. ఇప్స్‌విచ్ టచ్ టెస్ట్ అనే ఈ పద్ధతిని ఇంట్లోవాళ్లు కూడా చేయగలరు. ఈ వరస కరపత్రంలో అన్నింటికన్నా పైన, రెండు పాదాల బొమ్మతో ఉండాలని నా పట్టుదల.

దాని కింద రాయవలసింది కొంచెమే. రాత్రి పడుకునేముందు అరికాళ్లు చూసుకోవాలి, వంగలేనివారు నేలమీద చిన్న అద్దం పెట్టుకోవాలి. నీళ్ల వేడిని మోచేతితో చూడాలి. కాలివేళ్ల సందులు పొడిగా తుడవాలి, నూనె, క్రీము ఆ సందుల్లో రాయకూడదు. ఆనెకాయలకు మందుల షాపులో దొరికే ప్లాస్టర్లు వేయకూడదు, ఎందుకంటే వాటిలోని ఆమ్లం మంచి చర్మాన్ని కూడా తింటుంది. హవాయి చెప్పు జారిపోయినా స్పర్శ లేని కాలికి తెలియదు కాబట్టి మడమ వెనుక పట్టీ, మెత్తని రబ్బరు అట్ట ఉన్న ఎంసీఆర్ చెప్పులు ఇంట్లో కూడా వేసుకోవాలి. చెప్పులు విడవక తప్పని చోట తెల్లని నూలు సాక్సులు మేలు, రక్తపు చుక్క వాటిమీద వెంటనే కనిపిస్తుంది. బొబ్బ లేస్తే చిదమకుండా, శుభ్రమైన గాజుగుడ్డ కప్పి మర్నాటికల్లా రావాలి.

ఆహారం విషయంలో "అన్నం తగ్గించండి" అని రాయకండి. మా అన్నయ్య అది చదివి రాత్రిపూట అన్నం పూర్తిగా మానేశాడు, దాని బదులు నాలుగు చపాతీలు తిన్నాడు. ఆయన అంతకుముందు తిన్నది సుమారు 300 గ్రాముల అన్నం, అందులో పిండిపదార్థం దాదాపు 85 గ్రాములు. ముప్ఫై గ్రాముల గోధుమపిండితో చేసిన చపాతీలో దాదాపు 20 గ్రాములుంటుంది, నాలుగింటికి 80. నూనె లేకుండా కాల్చిందన్న తృప్తి తప్ప మారిందేమీ లేదు, భోజనమైన రెండు గంటలకు షుగరు 230 దగ్గరే నిలిచింది. తర్వాత వదిన ఒక గిన్నెను కొలతగా పెట్టింది: 150 గ్రాముల అన్నం, అదే కంచంలో సగానికి ఆనపకాయో బీరకాయో తోటకూరో, మిగిలిన పావు భాగంలో చేప లేదా పప్పు. మాత్రల మోతాదు మారకుండానే మూడు వారాలకు ఆ అంకె 172కు వచ్చింది. చోడి అంబలిని కూడా ఇలాగే లెక్కలోకి తీసుకోవాలి. ముప్ఫై గ్రాముల చోడిపిండిలో సుమారు 20 గ్రాముల పిండిపదార్థం ఉంది. చోళ్లు షుగరుకు మందని నమ్మి చెంబెడు తాగేవారు మన వైపు చాలామంది.

కాబట్టి మీ కాగితంలో కంచం బొమ్మ ఒకటి, గిన్నె కొలత ఒకటి ఉంటే ఆహారానికి సరిపోతుంది. కాగితం అడుగున తేదీ వేసుకునే గీత, దాని పక్కన ఆరు వేళ్లకు ఆరు సున్నాలు ఉంచి, మొదటి వరసను రోగి ముందే మీరు నింపి ఇవ్వండి. వాటికి చోటు చాలకపోతే ఓట్స్ వాక్యం తీసేయండి.